40ని తీసేయమంటే బయటికి పోయింది 48: ట్రీ డిలీషన్‌కి ఒక పీరియడ్ పాఠం

నిరుడు ఇదే పాఠం, అంటే చిన్నవి ఎడమకి, పెద్దవి కుడికి ఉండే బైనరీ సెర్చ్ ట్రీలోంచి ఒక నోడ్‌ని తీసేయడం, బోర్డు మీద చెప్పాను. డిలీషన్‌లో మూడు కేసులు, ఒక్కో కేసుకి ఒక బొమ్మ, చివర్లో ప్రోగ్రాం. 50 నిమిషాల్లో అన్నీ అయిపోయాయి. పిల్లలు రెండు రంగుల పెన్నులతో నోట్సులోకి చక్కగా దించుకున్నారు. నేను కూడా టైముకి ముగించానన్న సంతోషంతో స్టాఫ్‌రూమ్‌కి పోయి చాయ్ తాగాను.

రెండ్రోజుల తర్వాత ల్యాబ్‌లో బండారం బయటపడింది. వేరే ట్రీ ఒకటి కాగితం మీద ఇచ్చి రూట్‌ని తీసేయమన్నాను. సగానికి పైగా పిల్లలు కుడి సబ్‌ట్రీలో ఎడమ చివర ఉన్న ఆకుని, అంటే లీఫ్ నోడ్‌ని, తెచ్చి రూట్‌లో పెట్టేశారు. ఎందుకని అడిగితే, "మీరే కదా సార్ చెప్పింది, లీఫ్‌ని తెచ్చి పెట్టాలని" అన్నారు. నేను అలా చెప్పలేదు. కానీ నేను వేసిన బొమ్మ అలాగే చెప్పింది.

ఆ బొమ్మ డేటా స్ట్రక్చర్స్ పాఠం చెప్పే ఎవరికైనా తెలిసిందే. రూట్ 50, దాని కింద 30, 70, వాటి కింద 20, 40, 60, 80. కొలిచి కోసినట్టు అన్ని వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి బోర్డు మీద వేయడం సుఖం. అందులో 50ని తీసేస్తే దాని స్థానంలోకి 60 వస్తుంది. 60 ఆకే. ఆ ట్రీలో ఇద్దరు పిల్లలున్న ఏ నోడ్‌ని తీసేసినా వచ్చేది ఆకే. మూడుసార్లు ఆకు రావడం చూసినవాడు నాలుగోసారి కూడా ఆకు కోసమే వెతుకుతాడు, వాడిని తప్పుపట్టి లాభం లేదు. అందుకని ఈ ఏడాది పాఠం మార్చడం ట్రీతోనే మొదలుపెట్టాను.

పిల్లల గురించి రెండు మాటలు. హైదరాబాద్‌లో పాలిటెక్నిక్, డిప్లొమా మొదటి ఏడాది. పది పాసై నేరుగా వచ్చినవాళ్లు, ఎక్కువమంది తెలుగు మీడియం, కొందరు ఉర్దూ మీడియం. సీలో పాయింటర్లు అప్పుడే ముగించారు. బైనరీ సెర్చ్ ట్రీలో వెతకడం, చేర్చడం ముందు రెండు పీరియడ్లలో అయింది. రికర్షన్ చూసి రాస్తారు, చూడకుండా రాయమంటే తడబడతారు. ఘట్‌కేసర్ నుంచి, పటాన్‌చెరు నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లున్నారు కాబట్టి మొదటి పీరియడ్‌లో పావుగంట దాకా తలుపు తెరుచుకుంటూనే ఉంటుంది. అందుకే ఈ పాఠాన్ని కావాలనే మూడో పీరియడ్‌కి మార్చుకున్నాను.

ట్రీ ఎంచుకోవడం

కొత్త ట్రీకి తొమ్మిది రోల్ నంబర్లు తీసుకున్నాను: 40, 18, 55, 9, 27, 48, 62, 33, 51. ఈ వరుసలో చేరిస్తే ట్రీ ఇలా వస్తుంది.

```
           40
         /    \
       18      55
      /  \    /  \
     9   27  48   62
           \   \
           33   51
```

ఇందులో ప్రతి అంకెకీ ఒక పని ఉంది. 9 ఆకు. 27కి ఒకే కొమ్మ, అదీ కుడివైపు. 40 రూట్, దానికి రెండు కొమ్మలు. అసలు కీలకం 48. 40 తర్వాత వచ్చే పెద్ద అంకె అదే, కానీ అది ఆకు కాదు, దాని కింద 51 వేలాడుతోంది. నిరుటి పిల్లల్లాగా ఎవరైనా ఆకు కోసం చూస్తే 51ని పట్టుకుంటారు. 51ని రూట్‌లో పెడితే 48 దాని కుడి పక్కనే ఉండిపోతుంది. అప్పుడు 48ని వెతకమంటే, 51 కంటే చిన్నది కాబట్టి ఎడమకి పోతాం, అక్కడ దొరకదు. ట్రీలో ఉన్న మనిషే హాజరు పట్టీలో లేనట్టు అవుతుంది. తప్పు చేస్తే ఆ తప్పు తనంతట తానే బయటపడే ట్రీ కావాలని చూశాను. దీనికి ఆ గుణం ఉంది.

పీరియడ్ లెక్క

ప్లాన్ పుస్తకంలో రాసుకున్నది ఇది: హాజరుకి 4 నిమిషాలు, ట్రీ నిలబెట్టి ఇన్‌ఆర్డర్‌లో చదివించడానికి 6, కొమ్మ లేని నోడ్, ఒకే కొమ్మ ఉన్న నోడ్ రెండింటికీ కలిపి 8, రెండు కొమ్మలున్న నోడ్‌కి 16, ప్రోగ్రాం చదవడానికి 10, చివర్లో చీటీకి 5. మొత్తం 49. మిగిలిన ఒక్క నిమిషం బెంచీలు జరిపే చప్పుడుకి.

ప్రోగ్రాం రాయించడం ఈ పీరియడ్‌లో పెట్టలేదు, చదివించడమే. ట్రీ బ్యాలెన్స్ చేయడం, ఏవీఎల్ లాంటి మాటలు నోట రానివ్వకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. ఒక పీరియడ్‌లో పిల్లల చేతికి రెండు విషయాలు దక్కితే చాలనుకున్నాను. ఒకటి, నోడ్‌ని తీసేయడమంటే మారేది దాని పైవాడి చేయి. రెండు, ఇద్దరు పిల్లలున్న కేసు కొత్త కేసేమీ కాదు, దాన్ని తేలిక కేసుగా మార్చుకోవచ్చు.

మనుషుల ట్రీ

డ్రాయింగ్ హాల్‌లో బోర్డుకీ టేబుళ్లకీ మధ్య ఖాళీ ఉంటుంది. తొమ్మిది మందిని అక్కడ నిలబెట్టాను. ఎవరి రోల్ నంబర్ వాళ్లదే, అట్టముక్క మీద రాసి మెడలో వేశాను. మధ్యలో సుతిలి తాళ్లు, మొత్తం ఎనిమిది. తొమ్మిది నోడ్లకి ఎనిమిది తాళ్లే ఎందుకు సరిపోయాయో ఒక పిల్లాడు అడిగాడు, వాడి పక్కవాడే జవాబు చెప్పాడు: "40ని ఎవ్వరు పట్టుకోలేదు కదరా."

నిజానికి 40ని కూడా ఒకరు పట్టుకోవాలి. నేను పట్టుకున్నాను, తొమ్మిదో తాడుతో. ప్రోగ్రాంలో `root` అనే పేరున్న పాయింటర్ నేనే అని చెప్పాను. ఈ తొమ్మిదో తాడు మర్చిపోతే తర్వాత రూట్‌ని తీసేసే ఘట్టంలో చిక్కుపడతాం.

తాడు ఒక కొస పైవాడి గుప్పిట్లో ఉంటుంది. రెండో కొసకి బట్టలు ఆరేసే క్లిప్పు కట్టి కిందివాడి భుజం దగ్గర చొక్కాకి పెట్టాం. కిందివాడు తాడుని చేత్తో పట్టుకోకూడదు, ఇదే షరతు. తనని ఎవరు పట్టుకున్నారో నోడ్‌కి తెలియదు, తను ఎవరిని పట్టుకుందో మాత్రమే తెలుసు. చేతులు ఖాళీగా ఉంటే పిల్లలు తాడు పట్టుకుని లాగుతారు, అందుకని ఆకుల్లా నిలబడ్డవాళ్ల రెండు గుప్పిళ్లూ మూసి పెట్టించాను. మూసిన ఖాళీ గుప్పిటే NULL.

ఒక చిన్న విషయం, కానీ ముందు సెక్షన్‌లో ఐదు నిమిషాలు మింగేసింది. పిల్లలు క్లాసు వైపు ముఖం పెట్టి నిలబడితే వాళ్ల ఎడమ చేయి చూసేవాళ్లకి కుడివైపు పడుతుంది. చిన్నవి ఎడమకి అని వాళ్లు సరిగ్గానే నిలబడ్డారు, కూర్చున్నవాళ్లకి మాత్రం ట్రీ అద్దంలో బొమ్మలా కనబడింది. ఈసారి అందరినీ బోర్డు వైపు ముఖం పెట్టించాను. 40 బోర్డు దగ్గర, మిగతావాళ్లు వెనక వరుసల్లో. తాళ్లు వెనక్కి సాగాయి, ఎడమ ఎడమగానే కనబడింది.

ముందు ఇన్‌ఆర్డర్‌లో నంబర్లు అరిచి చెప్పమన్నాను: 9, 18, 27, 33, 40, 48, 51, 55, 62. పెరిగే వరుస. దాన్ని బోర్డు పైన ఒక మూల రాసి చెరపొద్దన్నాను. పీరియడ్ అంతా మాకు తక్కెడ అదే. ఎవరిని తీసేసినా ఆ వరుసలోంచి ఆ ఒక్క అంకె మాత్రమే పోవాలి, మిగతావి అదే క్రమంలో ఉండాలి.

తేలిక కేసులు

9ని పొమ్మన్నాను. ఆ పిల్లాడు క్లిప్పు తీసుకుని వెళ్లబోయాడు. "ఆగు, నీ భుజం మీది క్లిప్పు తీసే హక్కు నీకు లేదు, ఎవరు తియ్యాలె?" అన్నాను. 18 వెనక్కి తిరిగి, తాడు వదిలేసి, ఎడమ గుప్పిట మూశాడు. అప్పుడు 9 వెళ్లి కూర్చున్నాడు.

తర్వాత 27. ఇతని కుడి చేతిలో 33 ఉంది. 27 ఊరికే వెళ్లిపోతే 33 ఎవరి చేతిలోనూ లేకుండా నిలబడిపోతుంది. రూట్ దగ్గర మొదలుపెట్టి వెతుకుతూ వస్తే ఆ పిల్ల దాకా చేరే దారే లేదు. ఇక్కడ క్లాసుని ఏమీ అడగనక్కర్లేకపోయింది. 18 తనంతట తానే 33 వైపు తాడు చాచి, "సార్, నేను పట్టుకుంట" అన్నాడు. 33 కూడా 18 కంటే పెద్దదే కదా, కుడి చేతిలో ఉండొచ్చా అని సరిచూసుకున్నాం. 18 కుడివైపు ఉన్న సబ్‌ట్రీలో ఏ అంకె అయినా 18 కంటే పెద్దదే అయి ఉంటుంది, కాబట్టి ఎప్పుడూ ఉండొచ్చు.

ఇక్కడే ఈ రెండు కేసుల్నీ ఒక్కటి చేశాను. వెళ్లేవాడు వెళ్తూ తన చేతిలో ఉన్నదాన్ని పైవాడికి అప్పగిస్తాడు. 27 చేతిలో 33 ఉంది, 33ని అప్పగించాడు. 9 చేతిలో ఏమీ లేదు, NULLని అప్పగించాడు. చేసిన పని ఒక్కటే. నోట్సులో మొదటి కేసు, రెండో కేసు అని వేర్వేరుగా రాయించే అలవాటు నాకూ ఉండేది. మానేశాను. పరీక్షలో మూడు కేసులు రాయమని అడిగితే పిల్లలు విడగొట్టి రాసుకోగలరు.

40 వంతు

ఇప్పుడు 40. రెండు చేతుల్లోనూ తాళ్లు: ఎడమ చేతిలో 18, కుడి చేతిలో 55. పైన నా చేయి ఒక్కటే. వెళ్తూ ఇద్దరినీ నాకు అప్పగించడం కుదరదు, నా చేతిలో ఒకే తాడు ఉంది. ఏం చేద్దాం అని అడిగి ఊరుకున్నాను. ఈ ఊరుకోవడం ప్లాన్‌లో ఉన్నదే. అయినా క్లాసు మౌనంగా ఉంటే టీచర్‌కి నోరు ఊరుకోదు. జవాబు చెప్పేయకుండా చాక్‌పీసు నలుపుతూ నిలబడ్డాను.

మొదటి జవాబు నేననుకున్నదే, వెనక బెంచీ నుంచి. "సార్, గా 55ని పైకి దెస్తే అయిపోతది గదా."

"తెస్తే మంచిదే. మరి 18ని ఎవరు పట్టుకుంటరు? 55 ఎడమ చేతిల ఇప్పటికే 48 ఉంది."

కాసేపు గుసగుసలు. తర్వాత అతనే, "48 ఎడమ చెయ్యి ఖాళీనే ఉంది గద సార్. 18ని ఆమెకిద్దాం" అన్నాడు.

నేనిది ఊహించలేదు. తప్పని కొట్టేయడానికి లేదు, ఎందుకంటే అది ఒప్పు. 18 వైపు ఉన్నవన్నీ 40 కంటే చిన్నవి, 48 ఎడమ చేతికి సరిగ్గా సరిపోతాయి. ఇన్‌ఆర్డర్ చదివించాను: 18, 33, 48, 51, 55, 62. తక్కెడ సరిపోయింది. కొన్ని పుస్తకాల్లో ఈ పద్ధతి కూడా ఉంటుంది, రెండు సబ్‌ట్రీలనీ కలిపి కుట్టేయడం.

అప్పుడు వరుసలు లెక్కపెట్టమన్నాను. 55, దాని వెనక 48, దాని వెనక 18, దాని వెనక 33. ఆరుగురు మిగిలితే నాలుగు వరుసలు. 33 టేబుళ్లకి ఆనుకుని నిలబడాల్సి వచ్చింది. "ఇట్లనే తీసుకుంటా పోతే ఏమైతది?" అన్నాను. "తోక పెరుగుతది సార్." వెతికేటప్పుడు ఒక్కో వరుసకి ఒక పోలిక చేయాలి కాబట్టి తోక పెరగడం మనకి నష్టం. అతని పద్ధతి తప్పు కాదు, ఖర్చెక్కువ అని బోర్డు మీద రాసి, ఆ పిల్లాడి రోల్ నంబర్ పక్కన పెట్టాను. అందరినీ మళ్లీ పాత చోటికి పంపాను.

ఈసారి ప్రశ్న మార్చి అడిగాను. 40 కుర్చీ అక్కడే ఉంచుదాం, తాళ్లు కదపొద్దు. ఆ కుర్చీలో 18 వైపు అందరికంటే పెద్దగా, 55 వైపు అందరికంటే చిన్నగా ఉండే నంబర్ ఒకటి కావాలి. బోర్డు మూలలో ఉన్న వరుస చూడండి.

40కి అటూ ఇటూ ఉన్నవి 33, 48. రెండు పేర్లూ ఒకేసారి వినబడ్డాయి. ఏదైనా సరే, ఇవాళ మనం 48ని తీసుకుందాం అన్నాను. తర్వాత వచ్చే అంకె కాబట్టి దీన్ని ఇన్‌ఆర్డర్ సక్సెసర్ అంటారు. ముందుది, 33, ప్రిడెసెసర్. పేర్లు పని అయ్యాక చెప్పాను, ముందు చెబితే పేరు గుర్తుంటుంది, పని గుర్తుండదు.

51 ఎందుకు కాకూడదో నేను అడగక ముందే ఒకమ్మాయి, "51 పెడితే 48 ఎటు పోతది సార్, 51 కన్నా చిన్నది కుడిపక్కనుంటది" అంది. నిరుటి తప్పు ఈసారి పాఠంలోనే ముగిసింది.

ఇప్పుడు దగ్గరగా చూడాల్సిన ఘట్టం. 40 మెడలోంచి అట్ట తీసేశాను. 48 మెడలోంచి అట్ట తీసి 40 మెడలో వేశాను. నిలబడ్డ మనిషి మారలేదు, అతని చేతుల్లో తాళ్లు మారలేదు, నంబర్ మారింది. ఇక మెడలో అట్ట లేని ఆ అమ్మాయి వెనక వరుసలో మిగిలింది. ఆమెకి ఎడమ చేయి ఖాళీ, కుడి చేతిలో 51. అంటే ఒకే కొమ్మ ఉన్న నోడ్. ఆ పని మాకు వచ్చు. 55 తన ఎడమ తాడుని ఆమె దగ్గర తీసి 51కి పెట్టాడు.

ఆ అమ్మాయి టేబుల్ వైపు పోతూ వెనక్కి తిరిగి, "సార్, మీరు 40ని తీసెయ్యమన్నరు, పోయింది నేను కదా" అంది.

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ మాట బంగారం. ట్రీలోంచి పోయిన అంకె 40, మెమరీలోంచి పోయే నోడ్ 48ది. `free` అయ్యేది 48 కూర్చున్న చోటు. ప్రోగ్రాంలో ఇంకెక్కడో 48 నోడ్ వైపు చూసే పాయింటర్ ఒకటి దాచుకుని ఉంటే, అది ఇప్పుడు ఖాళీ చేసిన ఇంటి తలుపు కొడుతుంది. అంకె కాపీ చేసే పద్ధతికి ఉన్న చిక్కే ఇది. మొదటి ఏడాదికి అంతవరకూ చాలు.

ఇంకొక్క ప్రశ్న మిగిలింది. 48కి ఎడమ చేయి ఖాళీగా ఉండటం మన అదృష్టమా? అదృష్టం కాదు. 48కి ఎడమవైపు ఇంకొకరుంటే వాళ్ల నంబర్ 48 కంటే చిన్నది, కుడి సబ్‌ట్రీలో ఉన్నారు కాబట్టి 40 కంటే పెద్దది. అప్పుడు 40 తర్వాత వచ్చేది వాళ్లే, 48 కాదు. కాబట్టి సక్సెసర్‌కి ఎడమ కొమ్మ ఎప్పుడూ ఉండదు. రెండు కొమ్మల కేసు ప్రతిసారీ ఆకు కేసుగానో, ఒకే కొమ్మ కేసుగానో దిగిపోవడానికి కారణం ఇదే. 1962లో థామస్ హిబ్బార్డ్ ప్రచురించిన పద్ధతికి ఇరుసు కూడా ఇదే. క్లాసులో ఆయన పేరు చెప్పలేదు, టైము లేదు.

ప్రోగ్రాం

16 నిమిషాలనుకున్నది 21 అయింది. 55ని పైకి తెచ్చిన పిల్లాడి పుణ్యం. ప్రోగ్రాంకి 5 నిమిషాలే మిగిలాయి. ముందే జిరాక్స్ తీసి పెట్టుకున్న కాగితం పంచాను.

```c
struct node *del(struct node *root, int key)
{
    struct node *t;
    if (root == NULL) return NULL;
    if (key < root->key)
        root->left = del(root->left, key);
    else if (key > root->key)
        root->right = del(root->right, key);
    else if (root->left == NULL || root->right == NULL) {
        t = root->left ? root->left : root->right;
        free(root);
        return t;          /* పైవాడికి అప్పగింత */
    } else {
        t = root->right;
        while (t->left != NULL) t = t->left;
        root->key = t->key;
        root->right = del(root->right, t->key);
    }
    return root;
}
```

ఒక్క పనే చేయించాను. ఇందాక చూసిన ఒక్కో కదలిక ఏ లైనులో ఉందో పెన్సిల్‌తో గుర్తుపెట్టమన్నాను. అట్ట మార్చిన లైను వెంటనే పట్టుకున్నారు: `root->key = t->key;`. అప్పగింత `return t;` అన్నారు. పైవాడు క్లిప్పు మార్చిన లైను ఏదని అడిగితే చాలామంది `free` చూపించారు. ఎడమకి పోయే లైనులో ఈక్వల్ గుర్తుకి ఎడమ పక్కనున్న `root->left =` అనే ముక్కే 18 చేయి అని చెప్పేసరికి గంట కొట్టారు. పాఠంలో సరిగ్గా అతకనిది ఇదొక్కటే. దీని ఫలితం ల్యాబ్‌లో కనబడింది.

చీటీ

గంట కొట్టాక కూడా చీటీ రాయించాను, తర్వాతి పీరియడ్ మేడమ్ దయతలచి మూడు నిమిషాలు ఆగారు. ప్రశ్న ఒక్కటే: ఇప్పుడు మిగిలిన ట్రీలో, అంటే రూట్ 48, ఎడమ 18, దాని కుడి 33, కుడి 55, దాని కింద 51, 62 ఉన్న ట్రీలో, 55ని తీసేసి బొమ్మ గీయండి.

ఇందులో సక్సెసర్ 62, అది 55కి నేరుగా కుడి బిడ్డే. ఎడమకి దిగే పని లేదు. ఎక్కువమంది 62ని పైకి తెచ్చి, 51ని దాని ఎడమకి పెట్టారు. కొందరు 51ని పైకి తెచ్చి, 62ని దాని కుడికి ఉంచారు. అదీ ఒప్పే, ప్రిడెసెసర్‌ని తెచ్చారు. ఎరుపు పెన్ను తీసుకున్న చేయి అలవాటుగా తప్పు కొట్టబోయింది, ఆపుకున్నాను. దిద్దేటప్పుడు బొమ్మ నా బొమ్మలా ఉందా అని చూడకూడదు, ఇన్‌ఆర్డర్ చదివి చూడాలి. తప్పుగా ఉన్న చీటీల్లో ఒకే రకం కనబడింది: 62 రెండు చోట్లా ఉంది, పైనా, పాత చోటా. అట్ట మార్చారు, మనిషిని పంపడం మర్చిపోయారు.

ల్యాబ్‌లో తేలినవి

రెండ్రోజుల తర్వాత ల్యాబ్. కాగితం చూడకుండా రాయమన్నాను. నిరుటి తప్పు ఒక్కరూ చేయలేదు, కానీ మూడు రకాల కొత్త తప్పులు వచ్చాయి. మూడింటినీ అవుట్‌పుట్ చూసే గుర్తుపట్టొచ్చు.

మొదటిది, నేను పాఠంలో తొందరపడిన చోటే. `root->left = del(root->left, key);` బదులు ఉట్టి `del(root->left, key);` అని రాశారు. 9 నోడ్ `free` అయిపోయింది, 18 చేయి మాత్రం ఇంకా అటే చాచి ఉంది. తర్వాత ఇన్‌ఆర్డర్ ప్రింట్ చేస్తే ఒక మిషన్‌లో సంబంధం లేని పెద్ద అంకె వచ్చింది, ఇంకోదాంట్లో ప్రోగ్రాం అక్కడే పడిపోయింది. అన్నిటికంటే ప్రమాదం, 9 ఏమీ జరగనట్టు మళ్లీ ప్రింట్ అయిన మిషన్. ఆ పిల్లాడు డిలీట్ కావట్లేదనుకుని వెతికే లూపుని అరగంట తిప్పాడు. `main`లో `root = del(root, 40);` అని రాయకపోవడమూ ఈ జాతి తప్పే. ఒకే కొమ్మ ఉన్న రూట్‌ని తీసేసినప్పుడు బయటపడుతుంది, అక్కడ చాచాల్సిన చేయి నాది, ఆ తొమ్మిదో తాడు.

రెండోది, చివరి `del` లైనులో `t->key` బదులు `key` రాయడం. కుడి సబ్‌ట్రీలో 40 లేదు కాబట్టి ఏమీ పోదు, వెతికి వెతికి తిరిగొస్తుంది. గుర్తు: ఇన్‌ఆర్డర్‌లో 48 రెండుసార్లు. చీటీలో 62 రెండు చోట్ల గీసినవాళ్ల తప్పూ ఇదే, ఈసారి సీలో.

మూడోది నాకు కొత్త. ఒకమ్మాయి `del(root, t->key)` అని రాసింది, `root->right` దగ్గర కాకుండా రూట్ దగ్గరే మళ్లీ మొదలుపెట్టింది. చూడ్డానికి తప్పు లేనట్టే ఉంటుంది. కానీ రూట్‌లో అప్పటికే 48 కూర్చుంది. 48ని తీసేయమంటే ముందు దొరికేది రూటే. దానికి రెండు కొమ్మలు, సక్సెసర్ మళ్లీ కింద ఉన్న 48. అదే అట్ట అదే మెడలో మళ్లీ వేసి మళ్లీ రూట్ దగ్గరికి. స్టాక్ నిండేదాకా ఇదే తంతు, తర్వాత ప్రోగ్రాం చస్తుంది. ఆ అమ్మాయిని కాగితం మీద రెండే రెండు కాల్స్ చేత్తో రాయమన్నాను. రెండో కాల్ మొదటిదానిలాగే ఉండటం చూసి తనే దిద్దుకుంది.

ఇంకో సెక్షన్‌కి ఈ పాఠం వచ్చే మంగళవారం. ప్లాన్ పుస్తకంలో రెండు మార్పులు చేశాను. ట్రీ అదే, తాళ్లు అవే. కానీ 9 వెళ్లగానే, 27 దాకా ఆగకుండా, అప్పుడే బోర్డు మీద `root->left = del(root->left, key);` ఒక్క లైను రాసి, ఈక్వల్‌కి ఎడమవైపు ముక్క చుట్టూ 18 చేత గుండ్రం గీయిస్తాను. పంచే కాగితంలో ఆ ఎడమ ముక్కలు, చివరి `del` లైనులో రెండు మాటలు ఖాళీలుగా వదిలి జిరాక్స్ తీయించాను. 55ని పైకి తెచ్చే పిల్లాడు ఆ సెక్షన్‌లోనూ ఒకడుంటాడు. అతనికి 5 నిమిషాలు అదనంగా వేశాను, హాజరు చివర్లో తీసుకుంటాను.